డు నాట్ డిస్టర్బ్ పెట్టినా మోగిన ఫోన్లు: గుంటూరు కోల్డ్ స్టోరేజీలో రిమైండర్ల నిశ్శబ్ద వేళలు సరిచేసిన కేసు

నేపథ్యం

గుంటూరు దగ్గర్లో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ, దానికి అనుబంధంగా యార్డులో ఒక కమీషన్ కొట్టు. రెండు చోట్లా కలిపి పద్నాలుగు మంది ఉద్యోగులు తమ ఫోన్లలో ఒకే రిమైండర్ యాప్ వాడతారు. పన్నెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, రెండు ఐఫోన్లు. యాప్‌ను ఎవరో స్థానిక ప్రోగ్రామరు రాసిచ్చారు. ఎవరికి, ఏ పని, ఎన్నింటికి అన్నది ఆఫీసు గుమాస్తా నమోదు చేస్తే, ఆ వేళకు సర్వర్ నుంచి ఫోనుకు రిమైండర్ వెళ్తుంది. సంస్థ ఎవరిదో తెలిసే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.

పనులు రకరకాలు. నాలుగు గంటలకోసారి గదుల ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాయడం, జనరేటర్‌లో డీజిల్ కొలవడం, లారీలకు గేటు పాసు ఇవ్వడం, రైతులకు చెల్లింపులు, కొనుగోలుదారుల దగ్గర బకాయిలు అడగడం, ఇన్సూరెన్సు, లైసెన్సుల రెన్యువల్. షిఫ్టులు రెండు: ఉదయం 8 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. ముగ్గురు ఎప్పుడూ రాత్రి షిఫ్టే. నలుగురు నమాజు చేసేవాళ్ళు, ముగ్గురు ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు, ఒకరు ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవారు. ఒకరి పగలు ఇంకొకరికి రాత్రి అన్నమాట. అందరికీ కలిపి ఒకటే నిశ్శబ్ద వేళ పెట్టడం కుదరదని మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే చాలా శ్రమ తప్పేది.

వచ్చిన సమస్య

ఫిర్యాదులు మూడు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న సూపర్‌వైజరు ఫోను పగలు పదకొండింటికి, పన్నెండున్నరకి మోగుతోంది. శుక్రవారం జుమ్మా నమాజులో ఒకరి ఫోను మోగింది, అదీ డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నాక. బ్యాంకువాళ్ళతో మీటింగులో, ఫోనుతో కలిపి ఉన్న ల్యాప్‌టాప్ తెర ప్రొజెక్టర్ మీద ఉండగా ఒక కొనుగోలుదారు బకాయి మొత్తం గోడమీద కనబడింది.

యజమాని ఫిర్యాదు వీటికి సరిగ్గా ఎదురుగా ఉంది. "అందరూ ఫోన్లు సైలెంటులో పెట్టేస్తున్నారు, పనులు మిగిలిపోతున్నాయి" అన్నారు. రెండు వైపులవారూ చెప్పింది నిజమే. ఉద్యోగులకు విసుగొచ్చి మొత్తం ఆపేస్తున్నారు. మొత్తం ఆపేయడంతో అవసరమైనవి కూడా ఆగిపోతున్నాయి.

ఏ సెట్టింగూ మార్చకముందు పద్నాలుగు రోజుల లాగ్ తీశాం. మొత్తం 1,372 రిమైండర్లు వెళ్ళాయి. వాటిలో 313 ఆ మనిషి నిద్రలోనో, ప్రార్థనలోనో, మీటింగులోనో ఉండగా వెళ్ళాయి. ఈ 313 గుమాస్తా ముందు పెట్టి ఒక్కొక్కదానికీ ఒకటే ప్రశ్న అడిగాం: ఇది ఆ నిమిషానికి అతనికి తెలియకపోతే ఏమవుతుంది? ఆగలేనివి తొమ్మిది తేలాయి. ఆ తొమ్మిదీ కంప్రెసర్, కరెంటు, గది ఉష్ణోగ్రతలకు సంబంధించినవే. మిగతా 304 కాసేపు ముందో వెనకో వెళ్ళినా, ఇంకొకరికి వెళ్ళినా పని జరిగేది. కేసు ఎటు నడవాలో ఈ లెక్కతోనే తేలింది. నిశ్శబ్దాన్ని మనిషి వైపునుంచి మాత్రమే చూస్తే సరిపోదు, రిమైండర్ వైపునుంచి కూడా చూడాలి.

డు నాట్ డిస్టర్బ్‌ను దాటి ఎలా మోగింది

ముందు ఈ చిక్కు విప్పాలి. ఫోను మీద నమ్మకం పోతే తర్వాత ఎన్ని షెడ్యూళ్ళు రాసినా ఎవరూ వాడరు.

ఆండ్రాయిడ్‌లో ప్రతి నోటిఫికేషన్‌కూ అది ఏ రకమో చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. అలారం అయితే `CATEGORY_ALARM`, రిమైండర్ అయితే `CATEGORY_REMINDER`. డు నాట్ డిస్టర్బ్ మామూలుగా అలారాలను ఆపదు. పొద్దున లేవడానికి పెట్టుకున్న అలారం ఆగిపోతే కష్టం కాబట్టి అలా చేశారు. మొదట యాప్ రాసినవాళ్ళు "ఎవరూ మిస్ కాకూడదు" అని ప్రతి రిమైండర్‌నూ అలారంగా గుర్తుపెట్టి, అలారం శబ్దంతోనే పంపారు. డీజిల్ కొలత గుర్తుచేయడానికీ, నిద్ర లేపడానికీ ఫోను దృష్టిలో తేడా లేకుండా పోయింది.

దీన్ని పట్టుకోవడానికి కోడ్ చూడనక్కర్లేదు. ఫోనులో రింగ్, నోటిఫికేషన్ వాల్యూములు రెండూ సున్నాకి దించి, అలారం వాల్యూమ్ మాత్రం పెంచి, ఒక పరీక్ష రిమైండర్ పంపాలి. మోగిందంటే అది అలారం దారిలో వస్తున్నట్టే. ఆండ్రాయిడ్ 11 నుంచి `Notification history` ఉంది. దాన్ని ముందుగా ఆన్ చేసి ఉంచితే ఏ యాప్ ఎన్నింటికి ఏమి పంపిందో కనబడుతుంది. మోగింది మన యాపేనా, ఇంకోటా అన్న వాదన అక్కడ తేలిపోతుంది.

అలారం గుర్తు, అలారం శబ్దం రెండూ తీసేసి రిమైండర్ గుర్తు పెట్టించాం. అయినా ఇద్దరి ఫోన్లు మోగాయి. వాళ్ళ ఫోన్లలో డు నాట్ డిస్టర్బ్ మినహాయింపుల జాబితాలో `Reminders` అన్న మీట ఆన్‌లో ఉంది. అలారాల మినహాయింపు పక్కనే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఆఫ్ చేశాక రెండు ఫోన్లూ మౌనంగా ఉన్నాయి.

మొదటి ప్రయత్నం: ఫోనుకే వదిలేయడం

తేలిక మార్గం ఫోనులోని షెడ్యూలే. డు నాట్ డిస్టర్బ్‌లో `Schedules` కింద పడుకునే వేళ, లేచే వేళ, ఏ రోజులు అన్నవి ఇస్తే చాలు. మెనూ పేర్లు ఫోను కంపెనీని బట్టి కొద్దిగా మారతాయి. పగటి షిఫ్టువాళ్ళకు రాత్రి 10 నుంచి ఉదయం 6, రాత్రి షిఫ్టువాళ్ళకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 పెట్టించాం. ఒక్క రోజులో అయిపోయే పని, యాప్‌లో ఏమీ మార్చక్కర్లేదు అన్నది మా ఆలోచన.

వారం తిరిగేసరికి నిద్ర ఫిర్యాదులు పోయాయి. మిగిలిపోయిన పనులు మాత్రం పెరిగాయి. కారణం సూటిగానే ఉంది. డు నాట్ డిస్టర్బ్ శబ్దాన్ని ఆపుతుందే గాని రిమైండర్‌ను వాయిదా వేయదు. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చినది మౌనంగా వచ్చి నోటిఫికేషన్ల వరసలో కూర్చుంటుంది. సాయంత్రం నాలుగింటికి మనిషి లేచేసరికి దానిమీద వాట్సాప్ సందేశాలు, క్రికెట్ స్కోర్లు, రీచార్జి ప్రకటనలు ఇరవై పేరుకుని ఉంటాయి. నిశ్శబ్ద వేళ ముగిశాక ఫోను దాన్ని మళ్ళీ మోగించదు. యజమాని చెప్పిన "పనులు మిగిలిపోవడం" ఇక్కడినుంచే వచ్చింది.

కాబట్టి ఫోను షెడ్యూలు తీసేయలేదు గాని, దాని పాత్ర మార్చాం. అది చివరి కాపలా. అసలు నిర్ణయం రిమైండర్ పంపే చోటే, అంటే సర్వర్‌లోనే జరగాలి.

రెండో ప్రయత్నం: అన్నీ వాయిదా

ప్రతి ఉద్యోగికీ యాప్‌లో నిశ్శబ్ద వేళలు పెట్టి, ఆ లోపల పడ్డ రిమైండర్లన్నిటినీ వేళ ముగియగానే పంపమన్నాం. ఇందులో మూడు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది అర్ధరాత్రి దాటే వేళ. రాత్రి 10 నుంచి ఉదయం 6 అని రాస్తే మొదలు 22:00, ముగింపు 06:00. "మొదలుకన్నా పెద్దది, ముగింపుకన్నా చిన్నది" అని పోల్చే కోడ్‌కి అలాంటి గడియ ఒక్కటీ దొరకదు. దాంతో నిశ్శబ్ద వేళ అసలు లేనట్టే నడిచింది. ఇలా మార్చాలి:

```
def in_quiet(t, start, end):
    if start <= end:
        return start <= t < end
    return t >= start or t < end
```

దీనితోపాటు వారం సంగతి. "శనివారం రాత్రి" అని పెట్టిన వేళ ఆదివారం తెల్లవారుజామున కూడా వర్తించాలి. వేళ ఏ రోజు మొదలైందో ఆ రోజుకే చెందుతుందని రాసుకోకపోతే ఆదివారం తెల్లవారి మూడింటికి ఫోను మోగుతుంది. ఇక్కడా ఒకసారి మోగింది.

రెండోది ముంపు. ఉదయం 6:00 కాగానే ఒక గుమాస్తాకు పదకొండు రిమైండర్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. అతను అన్నిటినీ ఒక్క తోపుతో పక్కకి నెట్టేశాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు.

మూడోది ముఖ్యమైనది. ఆ పదకొండింటిలో నాలుగు అప్పటికే చచ్చిపోయినవి. "రాత్రి 11 గంటలకు వెనక గేటు తాళం చూడాలి" అన్నది ఉదయం ఆరింటికి వస్తే చిరాకు తప్ప ఏమీ మిగలదు. వాయిదా అన్నిటికీ మందు కాదు. కొన్ని రిమైండర్లు ముందుకు జరగాలి, కొన్ని వెనక్కి జరగాలి, కొన్ని ఇంకొకరికి వెళ్ళాలి.

పనిచేసిన పద్ధతి

ప్రతి రిమైండర్‌కూ గుమాస్తా రెండు సంగతులు అదనంగా నింపాలి. ఒకటి, ఇది ఎన్నింటి వరకు పనికొస్తుంది. రెండు, ఈ పని ముందే చేసేయొచ్చా, వేళకే చేయాలా. ఈ రెండూ ఉంటే మిగతాది సర్వర్ తేల్చుకోగలదు. రిమైండర్ నిశ్శబ్ద వేళలో పడితే, వేళ ముగిశాక అయిదు నిమిషాలకు పంపినా గడువు లోపలే ఉంటుందా అని మొదట చూస్తుంది. ఉంటే తర్వాత పంపుతుంది. గడువు దాటిపోతుందంటే, ముందే చేయదగ్గ పని అయితే వేళ మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు పంపుతుంది. వేళకే చేయాల్సిన పని అయితే ఆ సమయంలో డ్యూటీలో ఉన్న రెండో మనిషికి పంపుతుంది.

ఒక శుక్రవారం తీసుకుందాం. ఒక సూపర్‌వైజరుకు జుమ్మా నిశ్శబ్ద వేళ 12:50 నుంచి 2:10. ఆ మధ్యలో మూడు రిమైండర్లు పడ్డాయి. ఒంటిగంటన్నరకి ఒక కొనుగోలుదారుకు బకాయి గురించి ఫోన్ చేయాలి, గడువు సాయంత్రం 6. ఇది 2:15కి వెళ్ళింది. ఒంటిగంటా పావుకి లారీ గేటు పాసు సిద్ధం చేయాలి, లారీ రెండింటికి బయల్దేరుతుంది. 2:15కి గుర్తుచేస్తే లారీ గేటు దగ్గర ఆగి ఉంటుంది. పాసు ముందే రాసిపెట్టొచ్చు కాబట్టి 12:30కి వెళ్ళింది. ఒంటిగంటకు గది ఉష్ణోగ్రత చూసి రాయాలి, ఒంటిగంటన్నర లోపు. పన్నెండున్నరకే చూసి ఒంటిగంట గడిలో రాస్తే పుస్తకం అబద్ధం చెబుతుంది. ఇది కాటా దగ్గరుండే రెండో మనిషికి ఒంటిగంటకే వెళ్ళింది. సూపర్‌వైజరు ఫోను 12:50 నుంచి 2:10 దాకా ఒక్కసారీ మోగలేదు. మూడు పనులూ జరిగాయి.

ఈ పద్ధతి మొదటిసారి రాసినప్పుడు నిర్ణయం రిమైండర్ వేళకు జరిగేది. ఒంటిగంటా పావుకి సర్వర్ మేలుకుని "ఇది 12:30కి పంపాల్సింది" అని తెలుసుకుంటే లాభమేముంది? అందుకని రిమైండర్ నమోదైన వెంటనే ఒకసారి లెక్క వేయాలి. ఆ మనిషి నిశ్శబ్ద వేళలు మారినప్పుడల్లా మళ్ళీ వేయాలి. పంపే నిమిషంలో ఇంకోసారి చూడాలి, ఎందుకంటే ఈలోగా మీటింగు జరిగిపోయి ఉండొచ్చు.

ముంపు సంగతి తేలిగ్గానే తీరింది. వేళ ముగిశాక వెళ్ళేవన్నీ ఒకే నోటిఫికేషన్‌లో, దగ్గరి గడువు పైన ఉండేలా జాబితాగా వెళ్తాయి. గంటలోపు గడువున్నవి మాత్రం విడిగా మోగుతాయి. గడువు దాటినవి మోగవు, గుమాస్తా తెరమీద "జరగలేదు" కింద కనబడతాయి. నిద్ర వేళ తర్వాత ఈ జాబితా వెంటనే వెళ్ళదు, ఇరవై నిమిషాలు ఆగుతుంది. కళ్ళు తెరవగానే పనుల చిట్టా చూపిస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

ప్రార్థన వేళలు: గడియారంతో కుదరలేదు, సూర్యుడితోనూ పూర్తిగా కుదరలేదు

డిసెంబరులో నమాజు చేసేవాళ్ళ నుంచి వేళలు అడిగి గడియారపు అంకెలుగా రాసుకున్నాం. సాయంత్రం నమాజు మగ్రిబ్‌కు 5:35 నుంచి 6:00. మార్చి నాటికి అది తప్పిపోయింది. మగ్రిబ్ సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గుంటూరులో నవంబరు చివర పొద్దు సుమారు 5:30 దాటగానే గుంకుతుంది, జులై మొదట్లో 6:45 దగ్గర. గంటకు పైగా తేడా. తెల్లవారుజాము నమాజు ఫజ్ర్ కూడా అంతే. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందున్నప్పటి లెక్కన జూన్‌లో 4:15 ప్రాంతంలో మొదలైతే, జనవరిలో 5:20 దాటుతుంది. అంకెలు ఒకసారి రాసి వదిలేస్తే ఏడాదిలో సగం రోజులు తప్పు వేళకు మౌనం, సరైన వేళకు గోల.

అయితే సూర్యుడి లెక్కతో తయారయ్యే పట్టిక పెడదామనుకున్నాం. దీనిలో ఇంకో పొరపాటు దాగి ఉంది. ఆ పట్టికలు చెప్పేది నమాజు వేళ ఎప్పుడు మొదలవుతుందో. మధ్యాహ్నం నమాజు జొహర్ వేళ మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం ముందు వచ్చే అసర్ దాకా మూడు గంటలకు పైగా ఉంటుంది. అంతసేపూ ఫోను ఆపడం అర్థం లేని పని. మనిషి నిజంగా మసీదులో ఉండేది అందరూ కలిసి చేసే నమాజు, అంటే జమాత్, నిలబడే ఆ కాసేపే. ఆ వేళను నిర్ణయించేది సూర్యుడు కాదు, ఆ మసీదు. గోడమీద బోర్డులో అయిదు గడియారాల బొమ్మలుండి, వాటి ముళ్ళు ఎప్పటికప్పుడు తిప్పి పెడుతుంటారే, అదీ అసలు పట్టిక. పక్కపక్క వీధుల్లోని రెండు మసీదుల్లో జమాత్ వేళలు పదిహేను నిమిషాలు తేడాగా ఉండటం మామూలే.

పట్టిక యాప్‌లు వాడేవాళ్ళు గమనించాల్సింది అసర్. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయపు లెక్కలో అసర్ ఆలస్యంగా మొదలవుతుంది. చాలా యాప్‌ల్లో ముందుగా ఉండే అమరిక ఇంకో లెక్కది, అందులో అసర్ ముందే మొదలవుతుంది. రెండింటికీ మధ్య గుంటూరులో సుమారు గంట తేడా వస్తుంది. అమరిక మార్చకపోతే నాలుగింటికి ఊరికే మౌనం, అయిదింటికి నమాజులో మోత.

చివరికి నిలబడింది ఇది. మగ్రిబ్‌ను మాత్రం సూర్యాస్తమయానికి కట్టాం: అయిదు నిమిషాల ముందునుంచి ఇరవై అయిదు నిమిషాల తర్వాతి వరకు. అది అజాన్ అయిన వెంటనే జరుగుతుంది కాబట్టి ఈ లెక్క ఏడాది పొడవునా నడుస్తుంది. జొహర్, అసర్, రాత్రి నమాజు ఇషాలకు మసీదు బోర్డు మీది జమాత్ వేళకు పది నిమిషాల ముందు మొదలై, ఇరవై అయిదు నిమిషాల తర్వాత ముగుస్తుంది. నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వుజూకు, నడిచి వెళ్ళడానికి ఆ పది నిమిషాలు. బోర్డు మారినప్పుడు నలుగురిలో ఎవరైనా ఒకరు యాప్‌లో మారిస్తే అదే మసీదుకు వెళ్ళే మిగతావాళ్ళకూ మారుతుంది. జుమ్మాకు ఖుత్బా అనే ప్రసంగం ఉంటుంది కనుక శుక్రవారానికి విడిగా ఎనభై నిమిషాలు.

ఫజ్ర్‌కు నిశ్శబ్ద వేళ పెట్టడంలో మేము ఒక తప్పు చేశాం. ఒక ఉద్యోగికి నిద్ర వేళ 4:50తో ముగిసేలా, ఫజ్ర్ వేళ 5:10తో మొదలయ్యేలా రాశాం. నిద్ర వేళ తర్వాత ఆగాలన్న నియమం అప్పటికింకా లేదు. ఆ ఇరవై నిమిషాల సందులో సర్వర్‌కు దారి దొరికినట్టయింది, రాత్రి ఆగిన రిమైండర్ల జాబితా మొత్తం పంపేసింది. ఇంట్లో అందరూ లేచారు. పైగా ఫజ్ర్ అయ్యాక అతను మళ్ళీ ఏడింటి దాకా పడుకుంటాడు. అప్పటినుంచి రెండు నిశ్శబ్ద వేళల మధ్య నలభై అయిదు నిమిషాలకన్నా తక్కువ సందు ఉంటే రెండింటినీ ఒకటిగా కలిపేయమని నియమం పెట్టాం. ఈ నియమం మీటింగుల మధ్య సందులకూ పనికొచ్చింది.

రంజాన్ నెలకు ఇవేవీ నడవవు. తెల్లవారకముందు తినే సహ్రీకి లేస్తారు, రాత్రి తరావీహ్ అనే అదనపు నమాజు ఉంటుంది, నిద్ర రెండు ముక్కలవుతుంది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే నెల కాబట్టి ఇంగ్లీషు తేదీలతో కట్టడానికి వీల్లేదు. ఈ మధ్య ఏళ్ళలో అది సరిగ్గా మిర్చి సీజన్ మీద పడుతోంది, రిమైండర్లు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. రంజాన్‌కు వేరే షెడ్యూలు తయారుగా ఉంచి, నెలవంక కనబడ్డ రాత్రి చేత్తో ఆన్ చేసే మీట ఇచ్చాం. అయ్యప్ప మాలకూ ఇదే తరహా: మాల వేసిన రోజు నుంచి నలభై ఒక్క రోజులు, తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం పూజకు ఒక గంట. ముగింపు తేదీ ముందే రాయాలి. లేకపోతే మాల తీసి రెండు నెలలైనా ఫోను దీక్షలోనే ఉంటుంది. ఆదివారం చర్చికి గడియారపు వేళే సరిపోయింది.

ఇక్కడ ఒక నిర్ణయం మీద కొంత వాదన జరిగింది. గుమాస్తా తెరమీద "నమాజు", "పూజ", "నిద్ర" అని విడివిడిగా కనబడేలా చేద్దామన్నారు. మేము ఒప్పుకోలేదు. ఎవరు ఏ ప్రార్థనకు ఎన్నిసార్లు వెళ్ళారో లెక్క రాసే పుస్తకంగా యాప్ మారకూడదు. గుమాస్తాకు కావలసింది "ఇతను 2:10 దాకా అందుబాటులో లేడు" అన్న ఒక్క ముక్కే. కారణం ఉద్యోగి ఫోనులోనే ఉంటుంది, సర్వర్‌కు మొదలు, ముగింపు మాత్రమే వెళ్తాయి.

మీటింగులు

మీటింగులకు క్యాలెండర్‌ను ఆధారం చేసుకున్నాం. ఆండ్రాయిడ్ డు నాట్ డిస్టర్బ్‌లో వేళతో కట్టే షెడ్యూలుతోపాటు క్యాలెండర్ ఈవెంటుతో కట్టేదీ ఉంది. అదే సూత్రం సర్వర్‌లో పెట్టాం. రెండు చోట్ల జారింది. "ఆడిట్ వారం" అని రోజంతా ఉండే ఎంట్రీ ఒకటి బిజీ అని నమోదై ఉండటంతో అయిదు రోజులు ఆ మనిషికి ఒక్క రిమైండరూ వెళ్ళలేదు. రోజంతా ఉండే ఎంట్రీలను లెక్కలోకి తీసుకోవద్దని రాశాం. ఇక మీటింగులు అనుకున్న వేళకు ముగియవు. అందుకని ముగిశాక పది నిమిషాలు అదనంగా కలిపాం. ప్రొజెక్టర్ మీద బకాయి కనబడ్డ సంగతికి షెడ్యూలుతో పనిలేదు. రిమైండర్ పైకి వచ్చేటప్పుడు పేరు, మొత్తం లేకుండా "ఒక పని ఉంది" అని మాత్రమే చూపించేలా మార్చాం, వివరం యాప్ తెరిస్తేనే కనబడుతుంది.

ఆ తొమ్మిది

ఆగలేని తొమ్మిదింటిని రిమైండర్ల జాబితా నుంచి పూర్తిగా బయటికి తీశాం. గది ఉష్ణోగ్రత వాళ్ళు పెట్టుకున్న హద్దు దాటడం, కంప్రెసర్ ఆగడం లాంటివి గుర్తుచేసే సంగతులు కావు, లేపాల్సినవి. వాటికి నోటిఫికేషన్ కాకుండా ఒక ప్రత్యేక నంబరు నుంచి ఫోన్ కాల్ వెళ్తుంది, అదీ మొదట డ్యూటీలో ఉన్న మనిషికే. ఆ నంబరును అందరి ఫోన్లలో కాంటాక్టుగా దాచి, నక్షత్రం గుర్తు పెట్టి, డు నాట్ డిస్టర్బ్ మినహాయింపుల్లో చేర్చాం.

అయినా రాత్రి పరీక్షలో ఒక ఐఫోన్ మోగలేదు. దాన్లో మినహాయింపు పెట్టడం మర్చిపోయారు. అప్పటికి "రెండోసారి కాల్ వస్తే మోగనివ్వు" అన్న నియమం ఆదుకోవాలి. ఆదుకోలేదు. ఆండ్రాయిడ్‌లో ఆ నియమానికి గడువు పదిహేను నిమిషాలు, ఐఫోన్‌లో మూడు నిమిషాలే. మన కాల్ అయిదు నిమిషాలకోసారి వెళ్తోంది. ఐఫోన్ దృష్టిలో ప్రతి కాలూ కొత్తదే. రెండు కాల్స్ మధ్య రెండు నిమిషాలకు తగ్గించాక రెండు రకాల ఫోన్లూ మోగాయి. మూడు కాల్స్‌కు ఎత్తకపోతే నాలుగోది మేనేజరుకు వెళ్తుంది. ఈ పరీక్ష నెలకోసారి, ముందుగా చెప్పి, రాత్రి పూట చేయాలి. పగలు చేస్తే ఎక్కువ ఫోన్లలో డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉండదు, పరీక్షించినట్టూ కాదు.

ఫలితం, మిగిలినవి

ఆరు వారాల తర్వాత మళ్ళీ పద్నాలుగు రోజుల లాగ్ తీశాం. నిశ్శబ్ద వేళలో మోగినవి నాలుగు. మూడు కంప్రెసర్ కాల్స్, అవి మోగాల్సినవే. నాలుగోది మసీదు బోర్డు మారి యాప్‌లో మార్చని రోజుది. తమ ఫోనులో రిమైండర్ యాప్‌ను మొత్తంగా మ్యూట్ చేసినవాళ్ళు మొదట ఆరుగురు, ఇప్పుడు ఒకరు.

మళ్ళీ ఇలాంటి పని చేస్తే వరస తిరగేస్తాం. ఫోను సెట్టింగులతో మొదలుపెట్టకుండా, ముందు రిమైండర్లకు గడువులు రాయిస్తాం. గడువు లేని రిమైండర్‌ను ఎక్కడికి జరపాలో ఏ షెడ్యూలూ చెప్పలేదు. గుమాస్తా మొదటి వారం అన్నిటికీ "రోజు చివరిదాకా" అని నింపేశాడు. ఒక్కొక్క పనినీ పక్కన కూర్చుని అడిగితేగాని అసలు గడువులు బయటికి రాలేదు, దానికి రెండు పూటలు పట్టింది.

రెండో మనిషి మీద పడే భారం ఇంకా తేలలేదు. శుక్రవారాలు కాటా దగ్గరి మనిషికి అదనంగా నాలుగైదు రిమైండర్లు వెళ్తున్నాయి. ఆదివారం ఉదయం అతను చర్చిలో ఉన్నప్పుడు అతని పనులు జుమ్మాకు వెళ్ళే సూపర్‌వైజరుకు వెళ్తున్నాయి కాబట్టి ఇద్దరిమధ్యా సర్దుకుంది. సీజన్‌లో లారీలు పెరిగాక ఆ సర్దుబాటు నిలుస్తుందా అన్నది ఫిబ్రవరి లాగ్‌లో చూడాలి.